క్లీనా, క్వాలిఫైడా, అడ్వర్సా, డిస్‌క్లెయిమరా: రైస్ మిల్లు స్టాకు లెక్క తేలకపోతే ఆడిట్ రిపోర్టు ఏమవుతుంది?

మిల్లు_అకౌంట్స్
అందరికీ నమస్కారం. తూర్పు గోదావరి జిల్లాలో ఒక రైస్ మిల్లులో అకౌంట్స్ చూస్తాను. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. పాత ఆడిటర్ గారు మే నెలలో ఆరోగ్యం బాలేదని రాజీనామా చేశారు. జూన్‌లో బోర్డు కొత్తాయనను వేసుకుంది. 2024-25 లెక్కలు ఇప్పుడు ఆయనే చూస్తున్నారు. చిక్కేమిటంటే మార్చి 31న స్టాకు లెక్కపెట్టినప్పుడు ఆయన లేరు, పాతాయన కూడా రాలేదు. మేమే బస్తాలు లెక్కేసి షీటు రాసుకున్నాం. "స్టాకుకి నాకు సరైన ఆధారం దొరక్కపోతే రిపోర్టు క్వాలిఫై చేయాల్సి వస్తుంది, అప్పుడున్న పరిస్థితిని బట్టి డిస్‌క్లెయిమర్ కూడా కావచ్చు" అన్నారాయన. సెప్టెంబర్‌లో బ్యాంకు లిమిట్ రెన్యువల్ ఉంది. మా ఎండీ గారికి ఒకటే టెన్షన్. ఈ రెండింటికీ తేడా ఎక్కడ వస్తుంది? మేం చేయగలిగింది ఏమైనా ఉందా?

ఇంటర్_గ్రూప్2
ఇది డిస్‌క్లెయిమరే అన్నా. మొన్ననే చదివాను. తప్పు దొరికితే క్వాలిఫైడ్, పెద్ద తప్పు దొరికితే అడ్వర్స్, అసలు ఆధారమే దొరక్కపోతే డిస్‌క్లెయిమర్. మీ దాంట్లో ఆధారం లేదు కాబట్టి మూడోది.

కోనసీమ_సీఏ
తమ్ముడూ, సగం సరిగ్గా చెప్పావు. ఆధారం దొరకనప్పుడు కూడా క్వాలిఫైడ్ ఇవ్వొచ్చు, ఎక్కువసార్లు ఇచ్చేది అదే. ఆడిటర్లు పాటించాల్సిన స్టాండర్డుల్లో ఎస్ఏ 705 అడిగేవి రెండు విడివిడి ప్రశ్నలు. ఒకటి, ఆడిటర్‌కి తప్పు కనబడిందా, లేక తప్పుందో లేదో చూసుకునే వీలే దొరకలేదా. రెండోది, ఆ ఇబ్బంది ఒక పద్దు దగ్గరే ఆగిందా, లేక లెక్కలన్నిటికీ పాకిందా. ఒకే పద్దు దగ్గర ఆగితే, కారణం ఏదైనా, క్వాలిఫైడ్. అంతటా పాకితేనే దారులు విడిపోతాయి. తప్పు కనబడి అది పాకితే అడ్వర్స్. చూడలేకపోవడం పాకితే డిస్‌క్లెయిమర్.

క్వాలిఫైడ్‌లో కూడా కారణాన్ని బట్టి వాక్యం మారుతుంది. తప్పు తెలిసి రాస్తే "ఫలానా విషయం ప్రభావం మినహా మిగతా లెక్కలు నిజమైన, సరైన స్థితిని చూపుతున్నాయి" అనే అర్థం వచ్చేలా ఉంటుంది. చూడలేకపోతే "ఉండగల ప్రభావం మినహా" అని ఉంటుంది. రిపోర్టు చేతికి రాగానే నేను మొదట చూసేది ఆ ముక్కే. అది ఉంటే ఆడిటర్‌కి అంకె తెలియదని అర్థం. లేకపోతే అంకె తెలుసు, కింద పేరాలో రాసి కూడా ఉంటాడు.

మిల్లు గారూ, మార్చి 31న ఆడిటర్ లేనంత మాత్రాన పనైపోలేదు. ఇంకో రోజు స్టాకు లెక్కపెట్టి, మధ్యలో వచ్చినదీ పోయినదీ చూసుకుంటూ వెనక్కి నడిచే దారిని ఎస్ఏ 501 ఇచ్చింది. మీ ఆయన అది చేశారా? అంకెలుంటే పెట్టండి.

జమాఖర్చు
మాకూ ఇలాగే అయింది సార్. ఇన్‌కంటాక్స్ ఆడిట్‌లో 3సీడీ ఫారం ఆలస్యమైతే పెనాల్టీ ఎంత పడుతుందో ఎవరైనా చెప్తారా?

కోనసీమ_సీఏ
అది టాక్స్ ఆడిట్ అండి, వేరే సంగతి. ఇక్కడ మాట్లాడుతున్నది కంపెనీ చట్టం కింద ఇచ్చే రిపోర్టు గురించి. కొత్త టాపిక్ పెట్టండి, అక్కడ చెప్తాను.

మిల్లు_అకౌంట్స్
అవునండి, జూన్ 20న ఆయన మనుషులు వచ్చి లెక్కపెట్టారు. రెండు రోజులు మిల్లు ఆపాం. అంకెలు ఇవి.

మార్చి 31న పుస్తకాల్లో సొంత ధాన్యం 12,000 క్వింటాళ్లు. క్వింటాలు 2,300 చొప్పున 2 కోట్ల 76 లక్షలు. కంపెనీ మొత్తం ఆస్తులు సుమారు 6 కోట్లు. పన్నుకి ముందు లాభం 46 లక్షలు. బ్యాంకు లిమిట్ 3 కోట్లు.

జూన్ 20న కనబడిన సొంత ధాన్యం 7,400 క్వింటాళ్లు. ఏప్రిల్ 1 నుంచి ఆ రోజు దాకా కొన్నది 3,100, ఆడించింది 6,900.

కోనసీమ_సీఏ
సరే, వెనక్కి నడుద్దాం. జూన్ 20న ఉన్న 7,400కి మధ్యలో ఆడించిన 6,900 కలపండి, 14,300. అందులో మధ్యలో కొన్న 3,100 తీసేయండి. 11,200 వస్తుంది. అంటే మార్చి 31న ఉండాల్సింది 11,200, పుస్తకంలో ఉన్నది 12,000. తేడా 800 క్వింటాళ్లు. 2,300 చొప్పున 18 లక్షల 40 వేలు.

46 లక్షల లాభంలో ఇది 40 శాతం. తేడా పట్టించుకోవాల్సినంత పెద్దదా కాదా అని తేల్చడానికి చాలామంది ఆడిటర్లు పన్నుకి ముందు లాభంలో 5 శాతం దగ్గర గీత గీసుకుంటారు. మీకు అది 2 లక్షల 30 వేలు. ఆ గీత దాటి చాలా దూరం వచ్చేశాం.

అయితే ఈ లెక్క నిలబడాలంటే "ఆడించింది 6,900" అన్న అంకెకి ఏదో ఆసరా ఉండాలి. మిల్లు రిజిస్టర్ మీ చేతిరాతే కదా. నేనైతే బియ్యం వైపు నుంచి చూస్తాను. పచ్చి బియ్యానికి 67 శాతం దిగుబడి అనుకుంటే 6,900 క్వింటాళ్లకి సుమారు 4,620 క్వింటాళ్ల బియ్యం రావాలి. అమ్మిన బియ్యం బిల్లులూ, గోడౌన్‌లో మిగిలిన బియ్యమూ కలిపితే దానికి దగ్గరగా ఉందా? తవుడు అమ్మకాలు ఆ లెక్కకి పొంతనగా ఉన్నాయా? ఆ నెలల కరెంటు యూనిట్లు అంతకుముందు నెలల తీరులోనే ఉన్నాయా? ఈ మూడూ ఒకే మాట చెప్తే 6,900 నమ్మొచ్చు.

వరి_వ్యాపారి
ఇంతోటి 800కి గొడవెందుకండీ. కారో రూల్లో 10 శాతం లోపు తేడాకి పట్టింపు లేదు. 12,000లో 800 అంటే 7 శాతం కూడా కాదు.

కోనసీమ_సీఏ
కారో 2020లో 10 శాతం మాట ఉన్నది నిజమే. కానీ అది రిపోర్టుకి జత చేసే అనుబంధంలో, ఒక్కో రకం స్టాకులో 10 శాతమో అంతకు పైనో తేడాలు కనబడ్డాయా, వాటిని పుస్తకాల్లో సరిదిద్దారా అని చెప్పడానికి. అభిప్రాయం మార్చాలా వద్దా అన్నదానికి ఆ గీత పనికిరాదు. స్టాకులో 7 శాతం లాభంలో 40 శాతం అవుతోంది, చూశారుగా. ధాన్యం వ్యాపారంలో ఎప్పుడూ ఇంతే, సరుకు కొండంత, మిగిలేది కాస్త.

వరి_వ్యాపారి
సరే, కారో సంగతి వదిలేయండి. తరుగు మాటేమిటి? ఖరీఫ్ ధాన్యం డిసెంబర్, జనవరిలో కొన్నప్పుడు తేమ 17 శాతం దాకా ఉంటుంది. మార్చికి ఆరిపోతుంది. బస్తాలు అవే ఉంటాయి, బరువు ఉండదు. ఆ సంగతి ఆడిటర్లకి తెలియదు, దొంగతనం జరిగిందంటారు.

కోనసీమ_సీఏ
ఇది మాత్రం అసలైన పాయింటు. తేమ 17 నుంచి 14కి దిగిందనుకుందాం. వంద కిలోల్లో గింజ 83 కిలోలు, అది మారదు. ఆ 83 కొత్త బరువులో 86 శాతం కావాలి కాబట్టి కొత్త బరువు 96.5 కిలోలు. అంటే మూడున్నర శాతం తరుగు. 12,000కి సుమారు 420 క్వింటాళ్లు. మీ 800లో సగం పైన ఇక్కడే తేలిపోయింది.

ఇంకో సంగతి. మామూలు తరుగు పోయినంత మాత్రాన విలువ పోదు. 2 కోట్ల 76 లక్షలు పెట్టి కొన్న సరుకు ఆరి 11,580 క్వింటాళ్లయితే ఆ ఖర్చంతా మిగిలిన దాని మీదే కూర్చుంటుంది, క్వింటాలు ధర 2,383కి పెరుగుతుంది. అంటే ఆ 420కి నష్టం రాయక్కర్లేదు. జవాబు లేనిది మిగతా 380 క్వింటాళ్లకే. దాని ఖరీదు సుమారు 9 లక్షలు. అదీ గీత దాటిందే.

ఇక్కడి నుంచి మీ చేతుల్లో ఉంది. 380 ఎలా పోయిందో తేలకపోయినా, పోయిందని ఒప్పుకుని 9 లక్షలు తగ్గించి రాసేయండి. లాభం 37 లక్షలవుతుంది. మిగతావన్నీ సరిగ్గా ఉంటే రిపోర్టు క్లీన్‌గా వస్తుంది, అదే పుస్తకం భాషలో అన్‌మాడిఫైడ్. తగ్గించనంటే స్టాకు, లాభం చెరో 9 లక్షలు ఎక్కువ చూపారని అంకెతో సహా రాసి క్వాలిఫై చేస్తారు. తొమ్మిది లక్షల లాభం కోసం ఆ పేరా మోయాలా అన్నది మీ ఎండీ గారు ఆలోచించుకోవాలి.

రిటైర్డ్_మేనేజర్
బ్యాంకు వైపు మాట ఒకటి చెప్తాను. నేను చాలా ఏళ్లు మిల్లర్ల లోన్లు చూశాను. క్వాలిఫైడ్ రిపోర్టు వచ్చిందని లిమిట్ తీసేసిన సందర్భాలు నాకు పెద్దగా గుర్తులేవు. మేం చూసేది అంకె ఉందా లేదా అని. "స్టాకు 9 లక్షలు ఎక్కువ చూపారు" అంటే ఆ 9 లక్షలు తీసేసి డ్రాయింగ్ పవర్, అంటే ఆ స్టాకు మీద మీరు ఎంతవరకు అప్పు వాడుకోవచ్చో, కట్టుకుంటాం, పని జరిగిపోతుంది. "స్టాకు ఎంతో మాకు తెలియలేదు" అంటే ఏది తీసేయాలి? అప్పుడు రెన్యువల్ ఆపి స్టాకు ఆడిట్‌కి మనిషిని పంపుతాం, ఆ ఖర్చు కూడా మీ ఖాతాలోనే పడుతుంది. డిస్‌క్లెయిమర్ అయితే ఫైలు పైఆఫీసుకి పోతుంది, ఇక ఎప్పుడు వస్తుందో చెప్పలేం.

మీరు బ్యాంకుకి నెలనెలా ఇచ్చిన స్టాకు స్టేట్‌మెంట్లలో మార్చి అంకె 12,000 అనే ఇచ్చి ఉంటారు. ఇప్పుడు తగ్గిస్తే కారణం కాగితం మీద పెట్టి ముందే ఇచ్చేయండి. మేమే కనిపెట్టి అడిగితే ఆ మాట వేరుగా ఉంటుంది.

జూబ్లీ_ఆడిట్
కోనసీమ గారితో చాలావరకు ఏకీభవిస్తాను. ఒక్క చోట తప్ప. ఒకవేళ మిల్లు రిజిస్టర్ లేదు, వెనక్కి నడవడం కుదరలేదు అనుకుందాం. అప్పుడు క్వాలిఫైడ్ చాలదు, డిస్‌క్లెయిమర్ ఇవ్వాలనే నా అభిప్రాయం. స్టాకు ఒకటే పద్దు, నిజమే. కానీ 6 కోట్ల ఆస్తుల్లో 2.76 కోట్లు, అంటే 46 శాతం. ఒకే పద్దు అయినా లెక్కల్లో పెద్ద భాగం ఆక్రమించేదైతే అంతటా పాకినట్టే చూడొచ్చని స్టాండర్డ్‌లోనే ఉంది. స్టాకు ఆరో వంతు తగ్గితే లాభం మొత్తం ఎగిరిపోతుంది. లాభమో నష్టమో కూడా తెలియని లెక్కలకి "ఇది మినహా అంతా బాగుంది" అని ఎలా రాస్తాం?

కోనసీమ_సీఏ
మీ వాదనలో బలం ఉంది. కానీ అదే దారిలో పోతే ప్రతి మిల్లుకీ, ప్రతి బంగారం కొట్టుకీ డిస్‌క్లెయిమర్ ఇవ్వాల్సి వస్తుంది, అక్కడ స్టాకు ఎప్పుడూ ఆస్తుల్లో సగమే. చదివేవాడికి అప్పులు, యంత్రాలు, రావాల్సిన బాకీలు, జీతాలు అన్నీ చూశామని చెప్పే అవకాశం డిస్‌క్లెయిమర్‌తో పోతుంది. నేనైతే క్వాలిఫై చేసి, స్టాకు ఎంత భాగమో, లాభం మీద ఎంత తేడా పడొచ్చో పేరాలో విప్పి రాస్తాను.

జూబ్లీ_ఆడిట్
ఎన్ని విప్పి రాసినా అభిప్రాయం పేరా మారదు కదా. నా ఫైలు రివ్యూకి పోతే "46 శాతం ఎందుకు పెద్ద భాగం కాదనుకున్నావు" అనే మొదటి ప్రశ్న వస్తుంది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇది ఆడిటర్ తీర్పు మీద ఆధారపడేదే, ఇద్దరం వేర్వేరుగా సంతకం పెడతాం.

ఫ్లాట్_303
మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సంగతి చెప్తాను, పనికొస్తుందేమో. రెండు వర్గాలు గొడవపడి పాత కోశాధికారి రసీదు పుస్తకాలు, వోచర్లు అన్నీ పట్టుకుపోయాడు. బ్యాంకు స్టేట్‌మెంట్ తప్ప ఏమీ మిగల్లేదు. మెయింటెనెన్స్ సగం మంది నగదుగా కట్టేవాళ్లు, లిఫ్టు వాడికీ వాచ్‌మన్‌కీ నగదే. ఆడిటర్ చూసి "మేం ఆడిట్ చేశాం" అని కూడా రాయలేదు. "మమ్మల్ని ఆడిట్‌కి నియమించారు, ఈ లెక్కల మీద మేం ఏ అభిప్రాయమూ చెప్పడం లేదు" అని రాశారు. మా సెక్రటరీ ఎంత తిట్టాడో. ఫీజు తీసుకుని అభిప్రాయం చెప్పకపోవడం ఏమిటని.

కోనసీమ_సీఏ
ఆయన రాసింది సరిగ్గా రాశారండి. డిస్‌క్లెయిమర్‌లో ఆ మొదటి వాక్యం అలాగే మారాలి. మీ కేసు డిస్‌క్లెయిమర్‌కి అచ్చమైన ఉదాహరణ. వసూలైన నగదు తెలియదు, ఖర్చైన నగదు తెలియదు, ఎవరు బాకీయో తెలియదు. ఏ పద్దు వైపు వెళ్లినా అదే గోడ. దీంట్లో "మినహా" అని పెడితే మిగిలేది బ్యాంకు బ్యాలెన్సు ఒక్కటే.

ఇంటర్_గ్రూప్2
అడ్వర్స్ నిజంగా ఎవరైనా చూశారా? మా పుస్తకంలో ఉదాహరణ అంతా సబ్సిడరీని కలపకపోవడం గురించే ఉంది.

పాత_ఆర్టికల్
నేను ఒక్కసారి చూశాను. ఊరి పేరూ కంపెనీ పేరూ వద్దులే. ఒక నూలు మిల్లు. ఫ్యాక్టరీ ఆగిపోయి ఏడాది దాటింది, పనివాళ్లందరికీ లెక్క తేల్చి పంపేశారు, బ్యాంకు యంత్రాలనీ భవనాన్నీ స్వాధీనం చేసుకుని వేలం నోటీసు వేసింది. అయినా లెక్కలు మాత్రం కంపెనీ నడుస్తున్నట్టే తయారు చేశారు. యంత్రాలు పాత ధర మీద తరుగుదల తీసి అలాగే ఉన్నాయి. పాత స్టాకు ఖర్చు ధరకే ఉంది. వేలంలో వచ్చేది అందులో నాలుగో వంతు కూడా కాదని అందరికీ తెలుసు.

మా సార్‌కి ఆధారాలు కొరత లేదు, నోటీసులు, సెటిల్‌మెంట్ కాగితాలు అన్నీ ఫైల్లో ఉన్నాయి. డైరెక్టర్లని మార్చమని మూడు మీటింగుల్లో అడిగారు. మళ్లీ తెరుస్తాం, ఇన్వెస్టర్ వస్తున్నాడు అన్నారు తప్ప ఒక్క కాగితం చూపించలేదు. చివరికి అడ్వర్స్ రాశారు, ఈ లెక్కలు కంపెనీ నిజమైన స్థితిని చూపడం లేదని. మినహాయింపు ఏమీ లేకుండా.

జూబ్లీ_ఆడిట్
మంచి ఉదాహరణ. అదే ఫ్యాక్టరీ ఇంకా నడుస్తూ, అప్పు కట్టడం కష్టమై, నిలబడుతుందో లేదో అనుమానంగా ఉందనుకోండి. ఆ అనుమానాన్ని నోట్స్‌లో నిజాయితీగా చెప్పి ఉంటే అభిప్రాయం క్లీనే. దాని కింద గోయింగ్ కన్సర్న్ మీద వేరే శీర్షికతో ఒక పేరా వస్తుంది, అంతే. నోట్స్‌లో దాచేస్తే అప్పుడు క్వాలిఫైడో అడ్వర్సో. ఇక్కడ తలుపులు మూసేశారు కాబట్టి నోట్స్‌లో ఎంత చెప్పినా పునాదే తప్పు. ఎస్ఏ 570లో ఈ ఒక్క చోట ఆడిటర్‌కి తూకం వేసుకునే పని లేదు, నేరుగా అడ్వర్స్ అనే చెప్పారు.

వరి_వ్యాపారి
అంతా బాగుందని రాసినా ఏం లాభం. సత్యం వాళ్లకి ఏళ్ల తరబడి క్లీన్ రిపోర్టే కదా.

రిటైర్డ్_మేనేజర్
అదీ నిజమే. 2009 జనవరి 7న రామలింగరాజు ఉత్తరం బయటికొచ్చిన రోజు మా బ్రాంచిలో పని సాగలేదు. 2008 సెప్టెంబర్ 30 నాటి లెక్కల్లో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు చూపిస్తే అందులో 5,040 కోట్లు లేనేలేవు. స్టాకు లాగా తరుగు, తేమ అనే గొడవ లేని పద్దు అది. బ్యాంకు నుంచి ఆడిటరే నేరుగా కాగితం తెప్పించుకుంటే తేలిపోవాల్సింది.

కోనసీమ_సీఏ
ఆ వారంలోనే, జనవరి 13న, తమ పాత రిపోర్టుల మీద ఇక ఆధారపడొద్దని ఆడిటర్లే కంపెనీకి రాశారు. ఆ దెబ్బకే ఇప్పుడు ఆధారం ఎక్కడినుంచి వచ్చిందన్నది అంత గట్టిగా అడుగుతున్నాం. మీ కంపెనీ ప్రింటు తీసిచ్చిన కాగితం ఒక ఆధారం, బయటివాడు నాకే పంపిన కాగితం ఇంకో ఆధారం, రెండూ ఒకటి కావు. మిల్లు గారూ, దీనికి సంబంధించే ఒకటి అడగడం మరిచాను. మీ దగ్గర గవర్నమెంటు ధాన్యం లేదా? "సొంత ధాన్యం" అని రాశారు కాబట్టి అడుగుతున్నా.

మిల్లు_అకౌంట్స్
ఉందండి. సీఎంఆర్ కింద సివిల్ సప్లైస్ కార్పొరేషన్ ఇచ్చింది. జూన్ 20న గోడౌన్‌లో మొత్తం 9,850 క్వింటాళ్లు ఉన్నాయి. అందులో 2,450 సీఎంఆర్‌ది అని మేం చెప్తే అది తీసేసి 7,400 రాసుకున్నారు. బస్తాలు వేరుగానే పెడతాం గానీ సీజన్‌లో కొంచెం కలుస్తాయి, అది అన్ని మిల్లుల్లో మామూలే.

కోనసీమ_సీఏ
మీ రిపోర్టు తేలేది ఇక్కడేనండి. ఇప్పటిదాకా మాట్లాడిన 800, 420, 380 అన్నీ "మేం చెప్తే తీసేశారు" అన్న ఆ 2,450 మీద నిలబడి ఉన్నాయి. ఆ ధాన్యం మీది కాదు. కార్పొరేషన్‌ది. దాన్ని ఆడించి క్వింటాలుకి 67 కిలోల పచ్చి బియ్యం, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి ఇచ్చే బాధ్యత మీది.

రెండు రకాలుగా ఊహించండి. కార్పొరేషన్ నుంచి ఆడిటర్‌కి కాగితం వచ్చి అందులోనూ జూన్ 20 నిల్వ 2,450 అనే ఉందనుకోండి. హమ్మయ్య, గొడవ స్టాకు దగ్గరే ఆగింది, పైన చెప్పినట్టు 9 లక్షలు సర్దుకుంటే సరి.

అదే కాగితంలో 3,600 ఉందనుకోండి. అప్పుడు 1,150 క్వింటాళ్ల గవర్నమెంటు ధాన్యం గోడౌన్‌లో లేదు. క్వింటాలు 2,300 వేసుకున్నా కనీసం 26 లక్షల 45 వేల బాకీ, అది మీ అప్పుల పట్టికలో లేదు. ఆ ధాన్యం అమ్మేసి ఉంటే ఆ డబ్బు ఎక్కడికి పోయింది? అమ్మకాల్లో రాశారా, నగదుగా బయటికి పోయిందా? సొంత బియ్యం అమ్మకాల బిల్లుల్లో ఎంత భాగం నిజానికి సీఎంఆర్ బియ్యం? జరిమానా, కేసు వస్తే దానికి ఎంత కేటాయించాలి? చూశారా, స్టాకు నుంచి అప్పులకీ, అమ్మకాలకీ, నగదుకీ, చివరికి కంపెనీ పెద్దల మాట నమ్మొచ్చా అన్న దానికీ పాకింది. ఇది జరిగితే నేను కూడా జూబ్లీ గారి పక్కనే నిలబడతాను, డిస్‌క్లెయిమర్. అన్నీ రుజువై కూడా కంపెనీ సరిదిద్దనంటే అడ్వర్స్.

మిల్లు_అకౌంట్స్
అర్థమైందండి. కొంచెం చెమటలు పట్టాయి కూడా. ఇంకో రెండు సంగతులు. ఆడిటర్ గారు ఒక ఉత్తరం డ్రాఫ్టు పంపారు, లెక్కల బాధ్యత మాదేననీ, ఉన్న రికార్డులన్నీ ఇచ్చామనీ మేం సంతకం పెట్టాలట. ఎండీ గారు "ఆడిట్ చేసేది ఆయన, మేమెందుకు రాసివ్వాలి, రేపు మా మెడకి చుట్టుకుంటుంది" అంటున్నారు. రెండోది, క్వాలిఫై చేయకుండా ఎంఫసిస్ ఆఫ్ మ్యాటర్ అని ఒక పేరా రాసేస్తే సరిపోతుందని మా టాక్స్ కన్సల్టెంట్ సలహా.

జూబ్లీ_ఆడిట్
రెండోది ముందు. ఎంఫసిస్ పేరా నోట్స్‌లో సరిగ్గా చెప్పిన విషయం మీదకి చదివేవాళ్ల చూపు తిప్పడానికి. అంటే ఆడిటర్‌కి దాని మీద తృప్తి ఉండాలి. కోర్టు కేసు, తుఫానులో పోయిన గోడౌన్ లాంటివి. తృప్తి లేని స్టాకుకి అది రాస్తే క్వాలిఫికేషన్‌ని దాచినట్టు. ఆయన ఒప్పుకోకూడదు.

ఇక ఉత్తరం విషయంలో ఎండీ గారికి గట్టిగా చెప్పండి. లెక్కల బాధ్యత మాదే, మీకు అన్నీ ఇచ్చాం అనే ఆ రెండు హామీలు రాసివ్వకపోతే ఎస్ఏ 580 కింద ఆడిటర్ డిస్‌క్లెయిమర్ ఇవ్వాల్సిందే. స్టాకు తేలిందా, కార్పొరేషన్ కాగితం వచ్చిందా అన్నవాటితో పనిలేదు. ఇంత కష్టపడి 800ని 380కి దింపి, ఒక సంతకం దగ్గర అంతా పోగొట్టుకుంటారు.

కోనసీమ_సీఏ
మెడకి చుట్టుకుంటుందన్న భయానికి ఒక మాట. ఆ బాధ్యత చట్టం ప్రకారం ఇప్పటికే డైరెక్టర్లదే, ఉత్తరం కొత్తగా ఏమీ తగిలించదు. పైగా ఏ రకంగా అభిప్రాయం మార్చినా, ఒక్కో పాయింటుకీ బోర్డు తన రిపోర్టులో జవాబు రాయాలి, సెక్షన్ 134 అడుగుతుంది. అక్కడ "ఆడిటర్ అడిగిన ఉత్తరం మేం ఇవ్వలేదు" అని రాసుకోవడం ఎలా ఉంటుందో ఎండీ గారినే ఊహించుకోమనండి.

వచ్చే ఏడాది సంగతి కూడా గుర్తు పెట్టుకోండి. ఈ మార్చి స్టాకే వచ్చే ఏడాదికి ఓపెనింగ్ స్టాకు. ఇప్పుడు తేలకుండా వదిలేస్తే, వచ్చే మార్చిలో ఆడిటర్ దగ్గరుండి బస్తా బస్తా లెక్కపెట్టినా ఆ ఏడాది లాభం మీద మళ్లీ క్వాలిఫికేషన్ వస్తుంది. బ్యాలెన్స్ షీటు శుభ్రంగా ఉండి, లాభనష్టాల పట్టిక మాత్రం క్వాలిఫై అయిన రిపోర్టులు అలాగే పుడతాయి.

వరి_వ్యాపారి
సీఏ గారూ, మీ తరుగు లెక్కలో ఒకటి వదిలేశారు. ఏప్రిల్, మేలో కొన్న 3,100 రబీ ధాన్యం. అది కూడా జూన్ 20కి ఆరే ఉంటుంది కదా. మీరు మాత్రం కొన్న బరువే తీసేశారు.

కోనసీమ_సీఏ
నిజమేనండి. అదే మూడున్నర శాతం వేస్తే 108 క్వింటాళ్ల దాకా వస్తుంది. వెనక్కి నడిచినప్పుడు 3,100 బదులు 2,992 తీసేయాలి, మార్చి స్టాకు 11,308 అవుతుంది. జవాబు లేనిది 380 నుంచి 272కి దిగుతుంది, ఆరున్నర లక్షల దాకా. కానీ తేమ నిజంగా 17 ఉందా 15 ఉందా అన్నది కొన్నప్పటి కాటా చీటీల మీద చూడాలి. రబీ ఎండల్లో చేలోనే ఆరిపోయి వస్తుంది, అంత తరుగు ఇవ్వడానికి ఆడిటర్ ఒప్పుకోకపోవచ్చు.

మిల్లు_అకౌంట్స్
కాటా చీటీల్లో తేమ కొన్నింటికి రాశాం, చాలావాటికి రాయలేదు. ఉన్నవి అన్నీ తీసి ఇస్తున్నాను. ఉత్తరం మీద ఎండీ గారు సంతకం పెడతానన్నారు. కార్పొరేషన్‌కి ఆడిటర్ గారే నేరుగా రాశారు, జవాబు ఇంకా రాలేదు. ఫోన్ చేస్తే వాళ్ల లెక్కలో 2,610 ఉందని ఒకరు నోటిమాటగా చెప్పారు.

జూబ్లీ_ఆడిట్
160 తేడా. అందులో సగం తరుగే కావచ్చు, మీరు ఇచ్చిన బియ్యం వాళ్ల పుస్తకంలో ఇంకా ఎక్కకపోయి ఉండొచ్చు. జూన్ 20కి ముందు వారం పంపిన లారీల రసీదులు తీసి పెట్టుకోండి, రాతపూర్వకంగా వచ్చాక మొదట అడిగేది అవే.

జమాఖర్చు
3సీడీ మీద కొత్త టాపిక్ పెట్టాను సార్, ఒకసారి చూడండి.